లుక్‌బుక్ ప్రాంప్ట్ బట్టతో మొదలవ్వాలి

బొటిక్ లుక్‌బుక్ కోసం ఏఐ బొమ్మ గీయించేవాళ్లు ఎక్కువగా మోడల్‌తో మొదలుపెడతారు. అందమైన అమ్మాయి, ఆత్మవిశ్వాసం నిండిన భంగిమ, పాతకాలపు మహల్, సాయంత్రపు బంగారు వెలుగు అని రాసుకుంటూ పోయి చివర్లో 'నీలం రంగు కుర్తా వేసుకుంది' అని ముగిస్తారు. బొమ్మ బాగానే వస్తుంది. అందులోని కుర్తా మాత్రం ఏ దుకాణంలోదైనా కావచ్చు. లుక్‌బుక్ పని బట్ట ఎలా కూర్చుంటుందో, ఎలా కదులుతుందో చూపించడం. ఆ పని జరగని బొమ్మ ఎంత అందంగా ఉన్నా ఫొటోగ్రాఫర్‌కీ పనికిరాదు, టైలర్‌కీ పనికిరాదు.

భంగిమ, ఫిటింగ్, సెట్, వెలుతురు అనే నాలుగింటినీ నాలుగు జాబితాలుగా రాసి కలిపితే అవి ఒకదానితో ఒకటి గొడవపడతాయి. నేను చెప్పే పద్ధతిలో ముందు బట్ట గురించి ఒక్క వాక్యం తేల్చుకోవాలి. ఆ వాక్యమే భంగిమను నిర్ణయిస్తుంది, వెలుతురు ఎటునుంచి రావాలో చెబుతుంది, ఆ వెలుతురు రావడానికి ఎలాంటి గది కావాలో చెబుతుంది. అలా రాస్తే ప్రాంప్ట్ పొడవు తగ్గుతుంది, బొమ్మలో పొందిక పెరుగుతుంది.

ఈ అధ్యాయంలో ఒకే కుర్తాను పట్టుకుని చివరిదాకా వెళదాం. ముదురు నీలం మంగళగిరి కాటన్. సాదా ఒళ్లు, అంచుకు జరీ, జరీ పక్కన వరసగా చిన్న చిన్న గోపురాలు. రొమ్ము కింద వరకు సాదా యోక్, అక్కడి నుంచి కుచ్చులతో జారే కింది భాగం, త్రీ ఫోర్త్ చేతులు. జరీ అంచు కుర్తా అడుగున చుట్టూ వస్తుంది. వేసవి కలెక్షన్‌లో మొదటి పేజీ ఇదే అనుకోండి.

ముందు ఈ కుర్తా ఎలా కుట్టారో ఆలోచించండి. చేనేత అంచు మగ్గం మీద నిటారుగా నేసినది. అది వంపు తిరగదు. ఎ-లైన్‌లో కత్తిరిస్తే కింది అంచు వంపుగా వస్తుంది కాబట్టి నిటారు జరీ దానితో సరిగా కలవదు. అందుకే టైలర్ బట్టను అడ్డంగా తిప్పి, అంచు అడుగున వచ్చేలా పెట్టి, పైన కుచ్చులు పోసి యోక్‌కు కుడతాడు. ఘేరా కుచ్చుల వల్ల వస్తుంది, కత్తిరింపు వల్ల కాదు. అంచు నేలకు సమాంతరంగా నిలుస్తుంది. ఈ సంగతి ప్రాంప్ట్‌లో లేకపోతే ఏఐ తనకు అలవాటైన ఎ-లైన్ గీస్తుంది, జరీని అందంగా వంచి చూపిస్తుంది. అంటే మీ టైలర్ కుట్టలేని కుర్తా గీస్తుంది. కస్టమర్ ఆ బొమ్మ చూపించి అలాంటిదే కావాలంటే ఏం చేస్తారు?

కాబట్టి మన వాక్యం ఇది: ఈ కుర్తా భుజం దగ్గర, యోక్ దగ్గర ఒంటికి సరిగ్గా కూర్చుంటుంది, అక్కడి నుంచి కుచ్చులు ఒంటిని తాకకుండా నిటారుగా దిగుతాయి, అడుగున అంచు తిన్నగా నిలుస్తుంది. ఇది కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోండి. ప్రాంప్ట్‌లోని ప్రతి మాటనూ దీనితో సరిచూడాలి.

ఫిటింగ్ రాసేటప్పుడు కొలతలు పెద్దగా పనిచేయవు. ఛాతీ 40, లూజు 4 అంగుళాలు అని రాస్తే టైలర్‌కు అర్థమవుతుంది. బొమ్మ గీసే మోడల్ కోట్ల ఫొటోలనూ, వాటి కింది వర్ణనలనూ కలిపి నేర్చుకున్నది. ఆ వర్ణనల్లో అంగుళాలు అరుదు, కంటికి కనిపించేవి ఎక్కువ. అందుకని కొలతను కంటికి కనిపించే గుర్తుగా మార్చాలి. భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక మీద ఉంది. చంక కింద బట్ట ముడతపడకుండా కొద్దిగా వదులుగా ఉంది. యోక్ రొమ్ము కింద ముగుస్తుంది. కుర్తా మోకాలికి జానెడు కింద, పిక్క మధ్యలో ఆగుతుంది. చేతులు మోచేతికి నాలుగు వేళ్ల కింద ముగుస్తాయి. పొడవు చెప్పడానికి శరీరంలోని చోట్లనే గుర్తుగా వాడండి. 'పొడవైన కుర్తా' అంటే ఒకసారి మోకాలి దాకా, ఇంకోసారి చీలమండ దాకా వస్తుంది.

ఫిటింగ్‌లో చాలామంది వదిలేసేది బట్ట స్వభావం. ప్రత్యేకంగా చెప్పకపోతే ఏఐ బొమ్మల్లో ఏ బట్టయినా శాటిన్‌లా జారుతుంది. గుర్తుపట్టడం తేలిక, మడతలు చూడండి. జార్జెట్, శాటిన్ మడతలు సన్నగా, ఎక్కువగా, గుండ్రంగా ఉంటాయి. గంజి పెట్టిన కాటన్ మడతలు తక్కువగా, వెడల్పుగా ఉంటాయి, వంగిన చోట కోణంలా విరుగుతాయి. మోచేతి లోపలి వైపు రెండు మూడు గట్టి గీతలు పడతాయి. కుచ్చులు యోక్ దగ్గర పుట్టి ఒక జానెడు దూరం కొద్దిగా ఉబ్బి, తర్వాత కిందికి దిగుతాయి. అందుకే ప్రాంప్ట్‌లో 'కాటన్' అని రాసి ఊరుకోకుండా, గంజి పెట్టిన, మెరుపు లేకుండా మ్యాట్‌గా ఉన్న, వెడల్పైన మడతలు పడే కాటన్ అని రాయాలి. బట్ట పేరు కంటే దాని ప్రవర్తన ఎక్కువ పని చేస్తుంది. అంచు విషయంలోనూ అంతే. మన గోపురాల అంచును నిజాం అంచు అని రాస్తే ఆ పేరు తెలియని టూల్ ఏదో ఒక బరువైన బ్రొకేడ్ పెట్టేస్తుంది. రెండంగుళాల వెడల్పు సాదా బంగారు జరీ పట్టీ, దాని పై అంచున వరసగా చిన్న త్రికోణాలు అని రాస్తే దగ్గరకు వస్తుంది.

వేసుకునే మనిషి ఒళ్లు కూడా ఫిటింగ్‌లో భాగమే. ఏమీ రాయకపోతే ఏఐ ఎప్పుడూ పొడుగాటి, సన్నటి ఇరవై ఏళ్ల అమ్మాయిని ఇస్తుంది. యోక్ కుర్తా ఆమె మీద ఎలా ఉంటుందో, ఛాతీ 42 ఉన్న నలభై ఏళ్ల మనిషి మీద ఎలా ఉంటుందో వేర్వేరు. నిండైన ఛాతీ మీద కుచ్చులు ముందుకు నెట్టినట్టు నిలబడతాయి, ముందు అంచు వెనక కంటే కొద్దిగా పైకి లేస్తుంది. మీ దగ్గర కొనేవాళ్లు ఎవరో వాళ్ల ఒంటి తీరునే రాయండి. కొనేవాళ్లకు తమలాంటి మనిషి పేజీలో కనిపించాలి, మీకు కుర్తాలోని అసలు సమస్య ఫొటో షూట్‌కు ముందే కనిపించాలి. ఈ రెండూ ఈ ఒక్క మాటతో దొరుకుతాయి.

ఇప్పుడు భంగిమ. 'ఆత్మవిశ్వాసంతో నిలబడింది' అనే మాటలో చేతులు ఎక్కడున్నాయో, బరువు ఏ కాలి మీద ఉందో లేదు. ఏఐ ఆ ఖాళీని తన అలవాటుతో నింపుతుంది, చెయ్యి నడుము మీద పెట్టిస్తుంది. మన కుర్తాకు అంతకంటే చెడు భంగిమ లేదు. నడుము మీద చెయ్యి పడగానే కుచ్చులు నలిగి, బట్ట నడుముకు అతుక్కుంటుంది. చూసేవారికి అది నడుము దగ్గర బిగిసిన కుర్తాలా కనిపిస్తుంది. కూర్చోబెట్టినా ఇబ్బందే. తొడల మీద బట్ట పైకి లేచి, మనం చూపించాల్సిన అంచు మడతల్లోకి పోతుంది. చేతులు రెండూ ఒంటికి ఆనించి నిలబెడితే కుర్తా పక్క గీత కనిపించదు. ఘేరా ఎంతుందో తెలియదు.

మన వాక్యం అడిగే భంగిమ ఏది? అంచు తిన్నగా కనిపించాలంటే నిలబడాలి. కుచ్చులు కదులుతున్నట్టు కనిపించాలంటే అరడుగు వేయాలి, పూర్తి అడుగు వేస్తే ఒక మోకాలు బట్టను ముందుకు తన్ని అంచును విరగ్గొడుతుంది. ఘేరా గీత కనిపించాలంటే ఒక చెయ్యి ఒంటికి దూరంగా ఉండాలి. ఆ చేతికి ఏదో పని ఇవ్వండి. పని లేని చేతి వేళ్లే ఏఐ బొమ్మల్లో ఎక్కువగా పాడవుతాయి. ఏదైనా ఒక గట్టి వస్తువును తాకుతున్న చెయ్యి నమ్మదగినట్టు వస్తుంది. శరీరం కెమెరాకు పూర్తిగా ఎదురుగా కాకుండా కొద్దిగా పక్కకు తిరగాలి. తల మాత్రం కెమెరా వైపు. ఎడమ, కుడి అని రాసేటప్పుడు మోడల్ ఎడమా, చూసేవారి ఎడమా అనే గందరగోళం వస్తుంది. మొదటి నుంచి చివరిదాకా ఫొటో చూసేవారి వైపు నుంచే రాయండి, ఆ మాట ఒకసారి ప్రాంప్ట్‌లోనే చెప్పండి.

వెలుతురు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే బట్ట అసలు గుణం బయటపడేది ఇక్కడే. మన కుర్తాలో కుచ్చులు నిలువుగా ఉన్నాయి. నిలువు మడతలు కనిపించాలంటే వెలుతురు పక్క నుంచి రావాలి. అప్పుడే ప్రతి మడతకూ ఒకవైపు వెలుగు, ఇంకోవైపు నీడ పడుతుంది. ఎదురుగా ఫ్లాష్ కొట్టినట్టు వెలుతురు పెడితే కుచ్చులన్నీ చదునైపోయి ముదురు నీలం ఒక మచ్చలా మిగులుతుంది. నేత గరుకుదనం కూడా పక్క వెలుతురులోనే తెలుస్తుంది.

జరీ సంగతి వేరు. అది అద్దంలా వెలుతురును తిప్పికొడుతుంది. చిన్న దీపం పెడితే అక్కడక్కడా తెల్లటి చుక్కలు పడి మిగతా పట్టీ గోధుమరంగులోకి మారిపోతుంది. పెద్ద వెలుతురు కావాలి, అంటే కిటికీ, తలుపు, తెల్లటి తెర లాంటి వెడల్పైన చోటు నుంచి వచ్చేది. అప్పుడు ఆ వెడల్పంతా జరీలో ప్రతిఫలించి పట్టీ పొడవునా మృదువైన మెరుపు వస్తుంది. కాబట్టి మనకు కావలసింది పక్క నుంచి వచ్చే పెద్ద, మెత్తని వెలుతురు.

అయితే కిటికీ పెట్టుకోవచ్చా? ఈ కుర్తాకు వద్దు. మామూలు కిటికీ నేల నుంచి మూడడుగుల ఎత్తులో మొదలవుతుంది. దాని వెలుగు ముఖం మీదా, యోక్ మీదా బాగా పడుతుంది, పిక్క దగ్గర ఉన్న జరీ అంచు మాత్రం చీకట్లో ఉంటుంది. మనం చూపించాల్సింది ఆ అంచు. అందుకే నేల దాకా తెరుచుకున్న తలుపు కావాలి. వెలుతురు తల నుంచి అంచు దాకా ఒకే తీరుగా పడుతుంది. ఇలా బట్ట వెలుతురును ఎంచుకుంది, వెలుతురు గదిని ఎంచుకుంది. మహల్ వద్దు, పక్క గోడకు తలుపున్న ఒక గది చాలు.

రంగు మాట కూడా చెప్పాలి. సాయంత్రపు బంగారు వెలుగు అందరికీ ఇష్టం, కానీ నీలం బట్ట మీద ఆ పసుపు వెలుగు పడితే నీలం చచ్చి బూడిదరంగుగా మారుతుంది. 'సినిమాటిక్ లైటింగ్' అని రాస్తే మరీ కష్టం. చాలా టూల్స్ ఆ మాటకు నీడల్లో ఆకుపచ్చ నీలాన్నీ, వెలుగులో నారింజనూ కలిపేస్తాయి. తటస్థమైన పగటి వెలుతురు అని రాయండి. ముదురు రంగు కాబట్టి వెలుతురుకు అవతలి వైపు కుర్తా నల్లబడిపోతుంది. అటువైపు లేత రంగు గోడ ఉందని, దాని నుంచి తిరిగి వచ్చే వెలుగు నీడను కొద్దిగా తేలిక చేస్తోందని రాస్తే మడతలు మిగులుతాయి.

సెట్ గురించి ఇక ఎక్కువ చెప్పనక్కరలేదు, సగం ఇప్పటికే తేలిపోయింది. గోడ, నేల, ఒక వస్తువు. గోడ ముదురు నీలాన్ని విడదీసేంత లేతగా ఉండాలి, అలాగని తెల్లగా మెరిసిపోకూడదు. పాలిపోయిన గచ్చు రంగు, సున్నం వేసిన గోడ బాగుంటాయి. నేల తాండూరు బండల బూడిదరంగు. ఎర్ర గచ్చు నేల అందంగా ఉంటుంది కానీ దాని వెచ్చటి రంగు బంగారు అంచుతో కలిసిపోతుంది. ఇత్తడి వస్తువులు పెట్టకండి, అవి జరీతో పోటీపడతాయి. ఒక మట్టి కుండ చాలు.

ఒక చిన్న సంగతి మాత్రం వదలకూడదు. గోడా నేలా కలిసే గీత ఫొటోలో మనిషి కాళ్ల వెనక ఎక్కడో అడ్డంగా పోతుంది. కెమెరా మూడడుగుల ఎత్తులో, మోడల్‌కు పన్నెండడుగుల దూరంలో ఉండి, మోడల్ గోడకు ఆరడుగుల ముందు నిలబడితే ఆ గీత నేల నుంచి ఒక అడుగు ఎత్తున కనిపిస్తుంది. అంటే సరిగ్గా మన జరీ అంచు ఉన్న చోట! కన్ను అంచును చూడాలో గీతను చూడాలో తెలియక తడబడుతుంది. మోడల్ గోడకు రెండడుగుల దూరానికి జరిగితే గీత చీలమండ దగ్గరికి దిగిపోతుంది, అంచు వెనక లేత గోడ మాత్రమే మిగులుతుంది. కెమెరా నడుము ఎత్తులో ఉండాలని కూడా అందుకే రాస్తాం. కంటి ఎత్తు నుంచి నిలువెత్తు ఫొటో తీస్తే కాళ్లు పొట్టిగా, కుర్తా కిందికి కుంచించుకుపోయినట్టు వస్తాయి.

ఇవన్నీ కలిపిన ప్రాంప్ట్ ఇలా ఉంటుంది:

"బొటిక్ లుక్‌బుక్ కోసం నిలువు ఫొటో, మనిషి తల నుంచి పాదాల దాకా కనిపించాలి. ఎడమ, కుడి అన్నవి ఫొటో చూసేవారి వైపు నుంచి. ముదురు నీలం చేనేత కాటన్ కుర్తా: గంజి పెట్టిన, మ్యాట్‌గా ఉన్న, వెడల్పైన మడతలు పడే బట్ట. భుజం కుట్టు భుజం ఎముక మీద ఉంది. సాదా యోక్ రొమ్ము కింద ముగుస్తుంది, అక్కడి నుంచి కుచ్చులు ఒంటిని తాకకుండా నిటారుగా దిగుతాయి. కుర్తా పిక్క మధ్యలో ఆగుతుంది. అడుగున నేలకు సమాంతరంగా రెండంగుళాల సాదా బంగారు జరీ పట్టీ, దాని పై అంచున చిన్న త్రికోణాల వరస. త్రీ ఫోర్త్ చేతులు, మెడా ఛాతీ పూర్తిగా కనిపిస్తున్నాయి, కింద తెల్లని స్ట్రెయిట్ ప్యాంటు. నలభై ఏళ్ల, మధ్యస్థమైన ఎత్తు, నిండైన ఒళ్లున్న చామనఛాయ తెలుగు మహిళ. కెమెరా వైపు అరడుగు వేసి ఆగింది, బరువు వెనక కాలి మీద ఉంది, శరీరం కొద్దిగా ఎడమకు తిరిగి ఉంది, చూపు కెమెరా వైపు. ఎడమ చెయ్యి ఒంటికి దూరంగా చాచి తలుపు చట్రాన్ని నడుము ఎత్తులో తాకుతోంది, కుడి చెయ్యి వదులుగా వేలాడుతోంది. ఎడమ గోడలో నేల దాకా తెరుచుకున్న తలుపు, దాని నుంచి వచ్చే మెత్తని, తటస్థమైన పగటి వెలుతురు ఒక్కటే. నీడలు కుడివైపు పడుతున్నాయి, కుడివైపు లేత గోడ వాటిని కొద్దిగా తేలిక చేస్తోంది. వెనక రెండడుగుల దూరంలో పాలిపోయిన సున్నపు గోడ, బూడిదరంగు బండల నేల, గోడ పక్కన ఒక మట్టి కుండ. కెమెరా నడుము ఎత్తులో, నిటారుగా."

వరుస గమనించండి. బట్ట ముందు, తర్వాత మనిషి, భంగిమ, వెలుతురు, సెట్. చాలా టూల్స్‌లో ముందు రాసిన మాటకు బరువు ఎక్కువ, పొడవైన ప్రాంప్ట్‌లో చివరి మాటలు జారిపోతాయి. స్టేబుల్ డిఫ్యూజన్ తొలి వెర్షన్లలో అయితే మాటలను ముక్కలు చేసి లెక్కపెట్టే పద్ధతిలో 77 ముక్కల దాకానే ఒక్క విడతలో చదువుతుంది. అలాంటి చోట సెట్ వాక్యాన్ని కుదించండి, బట్ట వాక్యాన్ని ముట్టుకోకండి. తెలుగు సరిగా అర్థం చేసుకోని టూల్‌లో ఇదే వరుసలో వాక్యానికి వాక్యం ఇంగ్లిష్‌లో రాసుకోవాలి. ఫొటో కొలత మాటల్లో కంటే సెట్టింగ్‌లో ఇవ్వడం మేలు. మిడ్‌జర్నీలో అయితే ప్రాంప్ట్ చివర ఇలా పెడతారు:

```
--ar 4:5
```

ఇన్‌స్టాగ్రామ్ నిలువు పోస్టుకు సరిపోయే కొలత ఇది.

దుపట్టా లేదని రాయకుండా 'మెడా ఛాతీ పూర్తిగా కనిపిస్తున్నాయి' అని రాయడానికి కారణముంది. బొమ్మ గీసే మోడల్ పేరు విన్న వస్తువును పెట్టడానికే మొగ్గు చూపుతుంది. 'దుపట్టా వద్దు' అంటే దుపట్టా వచ్చే అవకాశం పెరుగుతుంది. వద్దనుకున్నదాని బదులు అక్కడ ఏం కనిపించాలో చెప్పాలి. తప్పనిసరైతే వద్దన్న వస్తువులకు విడిగా ఇచ్చే పెట్టె కొన్ని టూల్స్‌లో ఉంటుంది, మిడ్‌జర్నీలో `--no` ఉంది. అక్కడ రాయండి.

బొమ్మలు వచ్చాక ముఖం చూడకండి. ముఖం బాగుంటే మిగతా తప్పులన్నీ కన్ను క్షమించేస్తుంది. ముందు అంచు చూడండి. అది ఎడమ నుంచి కుడికి ఒకే వెడల్పులో ఉందా, వంపు తిరిగిందా? వంపు తిరిగితే టూల్ కుచ్చుల కుర్తాను ఎ-లైన్‌గా మార్చిందని అర్థం. తర్వాత యోక్ కుట్టు చూడండి, కుచ్చులు అక్కడి నుంచే పుట్టాయా లేక కుచ్చులు లేకుండా మడతలు మాత్రమే గీసిందా? తర్వాత నీడలు. ముక్కు నీడ, కుండ నీడ, మడతల నీడ మూడూ కుడివైపే పడాలి. ముక్కు నీడ కిందికి పడి, కుండ నీడ కుడికి పడితే రెండు వెలుతురులు కలిశాయి. అప్పుడు 'ఒక్కటే' అన్న మాటను వెలుతురు వాక్యం మొదట్లోకి తెచ్చి మళ్లీ ప్రయత్నించండి.

మనం రాసిన ప్రాంప్ట్‌కు తరచుగా వచ్చే తప్పు ఇంకొకటుంది. తలుపు చట్రాన్ని తాకే చెయ్యి వల్ల మోడల్ ఆ వైపు వాలిపోతుంది, భుజం పైకి లేస్తుంది, యోక్ ఏటవాలుగా కనిపిస్తుంది. కారణం, టూల్‌కు తలుపు దగ్గర నిలబడిన మనుషులు ఎక్కువగా వాలి నిలబడ్డ ఫొటోలే తెలుసు. 'రెండు భుజాలు సమానమైన ఎత్తులో ఉన్నాయి' అని ఒక్క వాక్యం చేర్చండి. ఇలా సరిచేసేటప్పుడు ఒకసారికి ఒక్క వాక్యమే మార్చాలి. ఒకేసారి భంగిమా వెలుతురూ రెండూ మారిస్తే ఏది దేన్ని బాగుచేసిందో తెలియదు. మార్పు ఫలితం స్పష్టంగా తెలియాలంటే `--seed` లాంటి సౌకర్యం ఉన్న చోట పాత బొమ్మ సీడ్‌నే మళ్లీ ఇవ్వండి. అప్పుడు కొత్త బొమ్మలో కనిపించే తేడా చాలావరకు మీరు మార్చిన వాక్యానిదే అవుతుంది.

ఎంత జాగ్రత్తగా రాసినా ఈ బొమ్మలోని జరీ మీ జరీ కాదు. మీ చేతిలోని అంచు త్రికోణాల లెక్క, నూలు మందం, రంగు లోతు టూల్‌కు తెలియవు, అది ఊహించి గీసింది. కాబట్టి దీన్ని ఫొటో షూట్‌కు ముందు గీసుకునే నమూనాగానే వాడాలి. అమ్మే పేజీలో కుర్తా ఫొటో స్థానంలో పెట్టకూడదు. కొనేవారు చూసి డబ్బు కట్టిన బట్ట ఒకటి, ఇంటికి వచ్చింది ఇంకొకటి అయితే, వినియోగదారుల రక్షణ చట్టం 2019 తప్పుదారి పట్టించే ప్రకటనల గురించి చెప్పే చోటికి విషయం వెళుతుంది. చట్టం మాట అటుంచినా, వదులుగా ఉండే కుర్తా అని నమ్మి కొన్న మనిషికి అది నడుము దగ్గర పట్టేస్తే ఆమె మళ్లీ మీ దగ్గరికి రాదు.

ఫొటోగ్రాఫర్‌కు ఇచ్చేటప్పుడు బొమ్మతో పాటు ప్రాంప్ట్‌ను కూడా ఇవ్వండి. బొమ్మ చూసి ఆయన రంగునూ, మూడ్‌నూ పట్టుకుంటాడు. తలుపు నేల దాకా ఎందుకు ఉండాలో, మోడల్ గోడకు ఎంత దూరంలో నిలబడాలో మాత్రం ప్రాంప్ట్ వాక్యాల్లోనే ఉంది. పడమర వైపు తలుపున్న గది దొరికితే షూట్ ఉదయం పెట్టుకోండి. ఎండ నేరుగా లోపలికి రాదు, ఆకాశం వెలుగు మాత్రమే వస్తుంది, అది పెద్దగా, మెత్తగా ఉంటుంది. తూర్పు తలుపు అయితే మధ్యాహ్నం తర్వాత. ఆకాశపు వెలుగులో నీలపు ఛాయ కొద్దిగా ఉంటుంది కాబట్టి గ్రే కార్డు పెట్టి వైట్ బ్యాలెన్స్ సరిచూడమనండి, లేకపోతే నీలం కుర్తా మరీ నీలంగా వచ్చి తెల్ల ప్యాంటు పాలిపోయిన నీలంగా మారుతుంది. కుడివైపు లేత గోడ లేకపోతే ఒక తెల్లటి దుప్పటి కట్టినా సరిపోతుంది. షూట్‌కు ముందు రోజు అదే గంటకు ఆ గదిలోకి కుర్తా పట్టుకెళ్లి, హ్యాంగర్‌కు తగిలించి, జరీ అంచు వెలుతురులో ఉందో లేదో ఫోన్ కెమెరాలో చూసుకోండి.